పాత వీడియో అనుకోని కారణంతో ట్రెండ్ అయినప్పుడు: శీర్షిక, వివరణల మార్పులు, కొత్త ప్రేక్షకుల గురించి తరచుగా అడిగే ప్రశ్నలు

ఈ సమాధానాలన్నిటికీ ఒకే ఉదాహరణ ఆధారం. బెంగళూరులోని మారతహళ్లిలో ఉంటున్న తెలుగు దంపతులు మహిళలకు స్కూటీ నడపడం నేర్పే యూట్యూబ్ ఛానెల్ నిర్వహిస్తున్నారని అనుకుందాం. 2019 ఫిబ్రవరిలో వారు కుందలహళ్లి దగ్గరి ఏఈసీఎస్ లేఅవుట్‌లో యు-టర్న్ పాఠాన్ని చిత్రీకరించారు. తొమ్మిది నిమిషాల ఆ వీడియోలో 4:10 దగ్గర స్కూటీ ఒక వీధిలోకి తిరిగినప్పుడు, గులాబీ రంగు పూలతో నిండిన టబెబుయా చెట్లు పాతిక సెకన్ల పాటు కనిపిస్తాయి. ఐదేళ్ల తర్వాత ఎవరో ఆ పాతిక సెకన్లను కత్తిరించి, ఇన్‌స్టాగ్రామ్‌లో పెట్టి, “ఇది ఏ ఊరు?” అని అడిగారు. రోజుకు నలభై యాభై మంది చూసే యు-టర్న్ పాఠాన్ని ఒక్క రోజులో వేలమంది చూశారు. వచ్చినవారిలో ఎక్కువమందికి స్కూటీతో పని లేదు.

వీక్షణలు ఒక్కసారిగా పెరిగాయి. మొట్టమొదట ఏం మార్చాలి?

మొదటి కొన్ని గంటలు ఏమీ మార్చకండి. ముందుగా ప్రస్తుత శీర్షికను, వివరణను, ట్యాగులను యథాతథంగా ఒక నోట్సులో భద్రపరచుకోండి, థంబ్‌నెయిల్ ఫైలును కూడా విడిగా దాచుకోండి. యూట్యూబ్ స్టూడియోలో పాత శీర్షికలకు, పాత వివరణలకు చరిత్ర దొరకదు. ఒకసారి సేవ్ చేస్తే అంతకుముందు ఏముండేదో మీ జ్ఞాపకం మీదే ఆధారపడాలి.

తర్వాత తెలుసుకోవలసింది జనం ఎందుకు వస్తున్నారన్నది. ఈ విషయం అన్నిటికంటే ముందు కామెంట్లలో బయటపడుతుంది. చూసినవారు “4:12” అని సమయం రాసి వెళ్తారు, లేదా “రీల్ చూసి వచ్చాను” అంటారు. సమీక్ష కోసం ఆగిపోయిన కామెంట్లను కూడా తెరిచి చూడాలి, ఎందుకంటే కొత్తవారు రాసినవి, లింకులున్నవి తరచుగా అక్కడే చిక్కుకుంటాయి. స్టూడియోలోని రియల్‌టైమ్ పట్టిక గత 48 గంటల, గత 60 నిమిషాల వీక్షణలను చూపిస్తుంది కాబట్టి ఉధృతి పెరుగుతోందో తగ్గుతోందో తెలుస్తుంది, కానీ కారణం తెలియదు. కారణానికి ట్రాఫిక్ సోర్సెస్ చూడాలి. ఎక్స్‌టర్నల్ విభాగంలో ఇన్‌స్టాగ్రామ్, వాట్సాప్ వంటివి ఎంత వాటా తీసుకున్నాయో, యూట్యూబ్ సెర్చ్ విభాగంలో ఏ మాటలతో వెతికి వచ్చారో కనిపిస్తుంది. మన ఉదాహరణలో “స్కూటీ యు టర్న్” అన్న పాత మాటలను వెనక్కి నెట్టి “బెంగళూరు పింక్ పూల రోడ్డు” వంటివి పైకి వచ్చి ఉంటాయి.

కామెంట్లు చదివాం. కారణం పూలేనని ఇంకా గట్టిగా ఎలా తెలుస్తుంది?

ఆడియన్స్ రిటెన్షన్ గ్రాఫు చూడండి. ఇది సిద్ధం కావడానికి సాధారణంగా ఒకటి రెండు రోజులు పడుతుంది. జనం నేరుగా ఒక దృశ్యం దగ్గరికి జరుపుకొని చూసినా, మళ్లీ మళ్లీ చూసినా గ్రాఫులో ఆ చోట గీత పైకి లేస్తుంది. మన వీడియోలో 4:10 దగ్గర గీత లేచి 4:35 దాటగానే పడిపోతే ఇక సందేహం అక్కరలేదు.

ఈ గ్రాఫు మరో ముఖ్యమైన సంగతి కూడా చెబుతుంది. 4:35 తర్వాత ఎంతమంది మిగిలారో చూడండి. వారు పూల కోసం వచ్చి, పాఠం కూడా చూస్తున్నవారు. మీరు నిలుపుకోగలిగే కొత్త ప్రేక్షకులు ప్రధానంగా వీరే. మిగిలినవారు రోడ్డు పేరు తెలుసుకుని వెళ్లిపోతారు, అందులో వారి తప్పూ లేదు, మీ లోపమూ లేదు. కింద చెప్పబోయే మార్పులన్నీ ఈ తేడాను దృష్టిలో పెట్టుకుని చేయవలసినవే: వెళ్లిపోయేవారికి సూటిగా జవాబు చెప్పాలి, ఉండగలిగేవారికి దారి చూపాలి.

శీర్షిక మార్చవచ్చా? మారిస్తే వీడియో పడిపోతుందని అంటారు, నిజమేనా?

శీర్షిక మార్చడమనే చర్యకు యూట్యూబ్ వేసే శిక్ష ఏదీ లేదు. కొత్త శీర్షికను చూసిన ప్రేక్షకులు పాత శీర్షికను చూసినవారికి భిన్నంగా స్పందిస్తే, ఆ స్పందనను బట్టి సిఫారసులు మారతాయి. కాబట్టి కొత్త శీర్షిక ఎవరిని ఆకర్షిస్తుంది, వారు లోపలికి వచ్చాక ఏం చూస్తారు అన్నదే అసలు ప్రశ్న.

మన దంపతుల పాత శీర్షిక “స్కూటీ నేర్చుకుందాం, 6వ పాఠం: యు-టర్న్ ఎలా తీసుకోవాలి”. దీన్ని పూర్తిగా తీసేసి “బెంగళూరు గులాబీ పూల రోడ్డు” అని పెడితే రెండు నష్టాలు జరుగుతాయి. పూల కోసం వచ్చినవారికి మొదటి నాలుగు నిమిషాలు బ్రేకుల గురించీ అద్దాల గురించీ వినిపిస్తుంది, దాంతో వారు విసుగుతో వెళ్లిపోతారు. యు-టర్న్ పాఠం కోసం ఏళ్ల తరబడి వెతుక్కుంటూ వస్తున్నవారికేమో అసలు వీడియోయే కనిపించకుండా పోతుంది. వారు రోజుకు నలభై మందే కావచ్చు, కానీ పూలు రాలిన తర్వాత కూడా వచ్చేది వారే.

అందువల్ల పాత విషయాన్ని ముందే ఉంచి, కొత్త కారణాన్ని చివర చేర్చడం మేలు: “స్కూటీపై యు-టర్న్ ఎలా? | బెంగళూరు గులాబీ పూల వీధిలో 6వ పాఠం”. ఇందులో అబద్ధం లేదు, పాఠం నిజంగానే ఆ వీధిలో జరిగింది. శీర్షికకు 100 అక్షరాల హద్దు ఉంది. తెలుగులో గుణింతపు గుర్తులు, ఒత్తులు కూడా విడివిడిగా లెక్కలోకి వస్తాయి కాబట్టి, కంటికి చిన్నగా కనిపించే శీర్షిక కూడా హద్దుకు చేరువవుతుంది. ఫోన్లలో శీర్షిక చివర తెగిపోతుంది గనుక, మీ ఛానెల్‌కు శాశ్వతంగా అవసరమైన మాటలు మొదట్లోనే ఉండాలి.

ఇక ఎంత త్వరగా మార్చాలి? జనం ఎక్కువగా సెర్చ్ ద్వారా వస్తుంటే ఒకటి రెండు రోజుల్లో మార్చడం ఉపయోగకరం. దాదాపు అందరూ బయటి లింకు నొక్కి నేరుగా వస్తుంటే శీర్షికను అసలు ముట్టుకోనవసరం లేదు, ఎందుకంటే లింకు నొక్కినవారు శీర్షికను చూసి నిర్ణయం తీసుకోలేదు. నా అభిప్రాయంలో అన్నిటికంటే చివరగా, అన్నిటికంటే తక్కువగా మార్చవలసినది శీర్షికే.

థంబ్‌నెయిల్‌పై పూల చిత్రం పెట్టవచ్చా?

స్కూటీ, పూలు రెండూ కలిసి ఉన్న అసలు దృశ్యం వీడియోలో ఉంటే దాన్ని వాడవచ్చు. పూలు మాత్రమే పెట్టకండి. తొమ్మిది నిమిషాల వీడియోలో పాతిక సెకన్లున్న దాన్ని మొత్తం వీడియోగా చూపడం ప్రేక్షకులను తప్పుదారి పట్టించడమే, యూట్యూబ్ నియమాలు కూడా దానికి ఒప్పుకోవు. భారతదేశంలో ఇటువంటి శీర్షికలపై, థంబ్‌నెయిళ్లపై కఠినంగా వ్యవహరిస్తామని 2024 డిసెంబరులో ఆ సంస్థ ప్రకటించింది కూడా.

మూడు రకాల థంబ్‌నెయిళ్లను పోల్చి చూసే పరీక్ష స్టూడియోలో ఉంది, కానీ దాని ఫలితం తేలడానికి రెండు వారాల వరకు పట్టవచ్చు. ఈలోగా ట్రెండ్ ముగిసిపోతుంది. థంబ్‌నెయిల్‌ను, శీర్షికను ఒకే రోజు మార్చకండి. క్లిక్ శాతం మారితే దేనివల్ల మారిందో చెప్పలేరు. వీడియో కొత్తవారికి విరివిగా కనిపించడం మొదలైనప్పుడు క్లిక్ శాతం కొంత తగ్గడం సహజమే. ఛానెళ్లలో సగానికి అది 2 నుంచి 10 శాతం మధ్య ఉంటుందని యూట్యూబే చెబుతుంది, అందువల్ల 7 నుంచి 4కు దిగిందని కంగారుపడి పాతదానికి వెనక్కి వెళ్లవద్దు.

వివరణలో ఏం రాయాలి?

అసలు పని ఇక్కడే ఉంది. “ఇంకా” అని నొక్కకముందు కనిపించేవి మొదటి రెండు మూడు వరుసలే. అక్కడ ఇప్పటిదాకా ఉన్న “నమస్కారం, మన ఛానెల్‌కు స్వాగతం” తీసేసి, వచ్చినవారు అడుగుతున్న ప్రశ్నకు జవాబు పెట్టండి: “4:10 దగ్గర కనిపించే గులాబీ పూల వీధి బెంగళూరు ఏఈసీఎస్ లేఅవుట్‌లోనిది. ఈ వీడియో 2019 ఫిబ్రవరిలో తీసినది.” ఆ వెంటనే వీడియో అసలు దేని గురించో ఒక వాక్యం ఉండాలి.

తారీఖు చెప్పడం చాలా అవసరం. టబెబుయా చెట్లు బెంగళూరులో సుమారుగా జనవరి నుంచి మార్చి వరకు పూస్తాయి, పూత కొద్ది రోజులే నిలుస్తుంది. జూన్‌లో ఎవరైనా మీ వీడియో చూసి కుటుంబంతో అక్కడికి వెళ్తే పచ్చని ఆకులే కనిపిస్తాయి. అలాగే 2019లో మీరు చెప్పిన దారి ఇప్పుడు సరిపోకపోవచ్చు. అప్పటికి ఆ వైపు మెట్రో లేదు. కృష్ణరాజపుర నుంచి వైట్‌ఫీల్డ్ వరకు పర్పుల్ లైన్ 2023 మార్చిలో మొదలైంది, ఆ మార్గంలో కుందలహళ్లి స్టేషన్ ఉంది. వీడియోలోని మాటను మార్చలేరు, కానీ వివరణలో “వీడియోలో చెప్పిన బస్సు మార్గం పాతది, ఇప్పుడు కుందలహళ్లి మెట్రో స్టేషన్ దగ్గర దిగవచ్చు” అని రాయగలరు. పాత వీడియోలోని కాలం చెల్లిన సమాచారానికి ఇదే సరైన చికిత్స.

జనం తప్పు పేరుతో వెతుకుతుంటే ఏం చేయాలన్నది చాలామందికి వచ్చే సందేహం. మన ఉదాహరణలో కొందరు ఇవి జపాన్ చెర్రీ పూలనుకుని ఆ పేరుతోనే వెతుకుతారు. శీర్షికలో చెర్రీ పూలని రాయడం అబద్ధమవుతుంది. కానీ వివరణలో “ఇవి చెర్రీ పూలు కావు, మధ్య అమెరికా, దక్షిణ అమెరికాల నుంచి వచ్చిన టబెబుయా రోజియా చెట్ల పూలు” అని రాస్తే వెతికిన మాటా అందులో ఉంటుంది, నిజమూ తెలుస్తుంది. వచ్చినవారు మోసపోయామని అనుకోరు.

దాని కింద అధ్యాయాలు ఇవ్వండి. మొదటిది 00:00 తో మొదలు కావాలి, కనీసం మూడు ఉండాలి, ఒక్కొక్కటి కనీసం పది సెకన్లుండాలి, సమయాలు వరుస క్రమంలో ఉండాలి. ఇందులో ఏ ఒక్కటి తప్పినా అధ్యాయాలు కనిపించవు.

```
00:00 యు-టర్న్‌కు ముందు అద్దాలు, ఇండికేటర్
02:05 వేగం తగ్గించి మలుపు తిప్పడం
04:10 గులాబీ పూల వీధి (ఏఈసీఎస్ లేఅవుట్)
04:36 ఇరుకు వీధిలో యు-టర్న్
07:20 కొత్తవారు చేసే పొరపాట్లు
```

నాలుగో అధ్యాయం పేరును గమనించండి. పూలు చూసిన వ్యక్తికి ఆ తర్వాత ఏం రాబోతోందో అది చెబుతుంది. అక్కడ “పాఠం కొనసాగింపు” అని రాస్తే ఎవరికీ ఆసక్తి కలగదు. ఇరుకు వీధిలో బండి తిప్పలేక ఇబ్బందిపడినవారు బెంగళూరులో తక్కువేమీ లేరు.

ట్యాగులు, హ్యాష్‌ట్యాగుల సంగతి ఏమిటి?

ట్యాగుల ప్రభావం చాలా తక్కువ. పేరును జనం రకరకాలుగా రాసే అవకాశం ఉంటే, అంటే “టబెబుయా”, “తబెబుయా” వంటివి, వాటిని చేర్చి వదిలేయండి. హ్యాష్‌ట్యాగులు ఒకటి రెండు చాలు. ట్రెండ్ అవుతున్న, సంబంధం లేని పేర్లను వివరణలో వరుసగా పేర్చడం నియమాలకు విరుద్ధం.

కొత్తగా వచ్చినవారిలో కన్నడ, తమిళ ప్రేక్షకులు ఉన్నారు. వారి కోసం ఏమైనా చేయాలా?

బెంగళూరు వీధి గురించిన వీడియోకు కన్నడవారు రావడం సహజం. స్టూడియోలో వీడియో భాషను తెలుగుగా నమోదు చేసి, అక్కడే కన్నడ, తమిళ, ఇంగ్లీషు భాషల్లో శీర్షికనూ వివరణనూ జోడించవచ్చు. ఎవరి యూట్యూబ్ ఏ భాషలో ఉంటే వారికి ఆ శీర్షిక కనిపిస్తుంది, మీ తెలుగు శీర్షిక అలాగే ఉంటుంది. కన్నడ వాక్యాలను ఆ భాష తెలిసిన పొరుగువారికి చూపించి సరిచేయించుకోండి. వీడియో తెలుగులో ఉందన్న సంగతిని అనువాద వివరణలో స్పష్టంగా చెప్పాలి.

వచ్చినవారిని ఛానెల్‌లోని మరో వీడియోకు ఎలా తీసుకువెళ్లాలి?

చాలామంది ఎండ్ స్క్రీన్‌ను సరిచేసి ఊరుకుంటారు. ఎండ్ స్క్రీన్ వీడియో చివరి 5 నుంచి 20 సెకన్లలో మాత్రమే వస్తుంది. 4:35 దగ్గర వెళ్లిపోయే వ్యక్తి దాన్ని ఎన్నడూ చూడడు. అతనికి కనిపించేది 4:25 దగ్గర మీరు పెట్టే కార్డు, పిన్ చేసిన కామెంటు. ఒక వీడియోలో ఐదు కార్డుల వరకు పెట్టవచ్చు, కానీ ఇక్కడ ఒక్కటి చాలు, దాన్ని పూల దృశ్యం ముగిసే ముందు పెట్టండి.

ఆ కార్డు ఎక్కడికి తీసుకువెళ్లాలన్నది జాగ్రత్తగా ఆలోచించవలసిన విషయం. “1వ పాఠం: స్కూటీ స్టార్ట్ చేయడం” అన్న వీడియోకు పంపితే పూల కోసం వచ్చినవారు అందులోకి అడుగుపెట్టరు. మీ పాత వీడియోల్లో పూల వీధికీ స్కూటీ పాఠానికీ మధ్య వారధిగా నిలిచేది ఏదైనా ఉందా అని వెతకండి. మన దంపతులు ఎప్పుడో “మారతహళ్లి చుట్టుపక్కల ఆదివారం ఉదయం స్కూటీ నేర్చుకోవడానికి అనువైన ఖాళీ వీధులు” అని ఒక వీడియో చేసి ఉంటే, అదే సరైన గమ్యం. ఊరిని చూడాలన్న కోరిక ఉన్నవారికీ, బండి నేర్చుకోవాలన్న కోరిక ఉన్నవారికీ అది పనికివస్తుంది. దాని వివరణనూ అధ్యాయాలనూ ముందుగా సరిచేసి, ఆ తర్వాతే కార్డు పెట్టండి.

పిన్ చేసిన కామెంటులో మొదట వీధి పేరు, పూల కాలం, ఆ తర్వాత ఈ రెండో వీడియో లింకు ఉండాలి. జవాబు ఇవ్వకుండా “సబ్‌స్క్రైబ్ చేసుకుంటే చెబుతాం” అనడం తగదు. మొదటి రెండు రోజుల్లో వచ్చిన ప్రశ్నలకు మీరే స్వయంగా జవాబులు రాయండి. వేరే పని ఏది వాయిదా పడినా దీన్ని వాయిదా వేయవద్దని నా విన్నపం, ఎందుకంటే మీ గొంతును కాక మీ మాటతీరును కొత్తవారు మొదట గమనించేది అక్కడే.

వెంటనే పూల మీద కొత్త వీడియో చేయాలా?

ఒక్కటి చేయవచ్చు, అదీ మీ ఛానెల్ విషయంలోనే. “గులాబీ పూల వీధుల్లో కొత్తవారు స్కూటీపై వెళ్లదగిన గంట ప్రయాణం” అన్న వీడియోలో పూలూ ఉంటాయి, సందుల్లో బండి నడపడమూ ఉంటుంది. పూల మీద వరుసగా నాలుగు వీడియోలు చేస్తే, మార్చి తర్వాత మీరు చేసే పాఠాలను కొత్త సబ్‌స్క్రైబర్లు పట్టించుకోరు, పాతవారేమో అప్పటికే దూరమై ఉంటారు. చేయడానికి వారం పడుతుందనుకుంటే, ఈలోగా అదే పాతిక సెకన్లతో ఒక షార్ట్ పెట్టి, దానికి సంబంధిత వీడియోగా పాత పాఠాన్ని జోడించండి.

మా దృశ్యాన్ని అనుమతి లేకుండా వాడుకున్నారు. తీయించాలా?

మీకు ఆ హక్కు ఉంది. అయితే తీయిస్తే జనం వస్తున్న దారి కూడా మూసుకుపోతుంది. ముందుగా ఆ పోస్టులో మీ ఛానెల్ పేరు రాయమని మర్యాదగా అడగండి. పోస్టు మిమ్మల్ని లేదా వీడియోలో కనిపించిన ఎవరినైనా కించపరిచేలా ఉంటే మాత్రం ఆలోచించకుండా తీయించండి.

పాత వీడియోలో కొంత భాగం తీసేయవచ్చా? మళ్లీ అప్‌లోడ్ చేయవచ్చా?

మళ్లీ అప్‌లోడ్ చేయవద్దు. ఒకే చిరునామాలో వీడియో ఫైలును మార్చే వీలు యూట్యూబ్‌లో లేదు, కొత్తదానికి కొత్త లింకు వస్తుంది, బయట తిరుగుతున్న లింకులన్నీ పాతదానివే. స్టూడియో ఎడిటర్‌తో కత్తిరిస్తే లింకు అలాగే ఉంటుంది, కానీ పూలను ముందుకు తేవడానికి పాఠాన్ని కత్తిరించడం పాఠాన్ని చంపడమే. పైగా సమయాలు మారిపోయి అధ్యాయాలూ, జనం కామెంట్లలో రాసిన “4:12”లూ తప్పుచోట చూపిస్తాయి.

ఒక్క పనికి ఎడిటర్ తప్పక వాడండి. నలభై మంది చూసినప్పుడు ఎవరికీ పట్టని ఇంటి నంబరు, బండి నంబరు, గేటు దగ్గర నిలబడ్డ పిల్లల ముఖాలు ఇప్పుడు వేలమంది కంటపడుతున్నాయి. ఆ వీధి ప్రజలు నివసించే చోటు. ఎడిటర్‌లోని బ్లర్ సౌకర్యంతో వాటిని మసకబరచండి, వివరణలో లేఅవుట్ పేరు చెప్పండి గానీ ఇంటి గుర్తులు చెప్పకండి.

కొత్తవారు నిలిచారో లేదో ఎప్పుడు, ఎలా తెలుస్తుంది? శీర్షికను ఎప్పుడు వెనక్కి మార్చాలి?

సబ్‌స్క్రైబర్ల సంఖ్యను బట్టి తీర్పు చెప్పకండి. ఆడియన్స్ విభాగంలో కొత్తవారి గీత ట్రెండ్ రోజుల్లో ఎగిసి, ఆపై పడిపోతుంది. తిరిగి వచ్చేవారి గీత నెల తర్వాత ట్రెండ్‌కు ముందున్న స్థాయికన్నా కాస్త పైన స్థిరపడితే కొందరు నిలిచినట్లే. వారధి వీడియోకు పాత వీడియో నుంచి ఎంతమంది వెళ్లారో దాని ట్రాఫిక్ సోర్సెస్‌లో చూడండి. కార్డు నొక్కేవారు ఉన్నా రెండో వీడియోను అర నిమిషంలోనే వదిలేస్తుంటే గమ్యం తప్పుగా ఎంచుకున్నారని అర్థం. అసలు ఎవరూ నొక్కకపోతే కార్డు సమయాన్నో, దానిపై రాసిన మాటనో మార్చి చూడండి. ట్రెండ్ తర్వాత పెట్టిన మొదటి పాఠానికి క్లిక్ శాతం తగ్గితే, పూల కోసం చేరినవారికి కూడా అది కనిపించడం వల్ల తగ్గి ఉండవచ్చు, దాన్ని చూసి పాఠాలు ఆపవలసిన అవసరం లేదు.

సెర్చ్ మాటల్లో పూల పేర్లు అడుగుకు చేరి “స్కూటీ యు టర్న్” మళ్లీ పైకి వచ్చినప్పుడు శీర్షికను నోట్సులో దాచిన పాత రూపానికి మార్చవచ్చు. వివరణలోని వీధి పేరును, పూల కాలాన్ని, 4:10 అధ్యాయాన్ని మాత్రం తీయకండి. అవి ఎవరికీ అడ్డు కావు, పైగా చెట్లు ఏటా పూస్తాయి. డిసెంబరు చివరలో మెట్రో సమాచారం, పిన్ చేసిన కామెంటులోని లింకు ఇంకా సరిగ్గా ఉన్నాయో లేదో ఒకసారి పరిశీలించి, సెర్చ్‌లో పూల మాటలు మళ్లీ కనబడితే శీర్షిక చివర ఆ నాలుగు మాటలను తిరిగి చేర్చండి.